మోటారు కరెంటు లెక్క ఒకటి, క్లాంప్ మీటర్ చూపేది ఇంకొకటి: ఎక్కడ తేడా వస్తోంది?

సమస్య: లెక్క ప్రకారం రిలే సెట్ చేసినా, ఫుల్ లోడ్‌లో కొంతసేపటికి ట్రిప్ అవుతోంది

10 హెచ్‌పీ మోటారు, 415 వోల్టుల త్రీ ఫేజ్ సప్లై, ఎఫిషియెన్సీ 88 శాతం అనుకుందాం. లెక్కలో 11.8 ఆంప్స్ వచ్చింది, ఓవర్‌లోడ్ రిలేని అక్కడే పెట్టారు. మీటర్‌లో మాత్రం 13.9 కనిపిస్తోంది. వెంటనే బేరింగ్ పట్టేసిందనో, వైండింగ్ పోయిందనో అనుమానం వస్తుంది. మోటారు విప్పే ముందు లెక్కను ఒకసారి సరిచూడండి.

కారణం: పవర్ ఫ్యాక్టర్ వదిలేశారు. హార్స్‌పవర్, ఎఫిషియెన్సీ, వోల్టేజీ మాత్రమే తెలిస్తే కరెంటులో పని చేసే భాగమే వస్తుంది. మోటారు తన అయస్కాంత క్షేత్రం కోసం తీసుకునే కరెంటు అందులో ఉండదు. వైరులోనూ రిలేలోనూ పారేది మాత్రం ఈ రెండూ కలిసిన కరెంటే.

పరిష్కారం: నేమ్‌ప్లేట్ మీద పవర్ ఫ్యాక్టర్ (cos φ) చూడండి. ఈ మోటారుకు 0.85 అనుకుంటే:

```
Pin = 10 × 746 / 0.88 = 8477 W
I = 8477 / (1.732 × 415 × 0.85) = 13.9 A
```

అంటే మోటారులో తప్పేమీ లేదు. 11.8 మీద పెట్టిన రిలేకి 13.9 అంటే దాదాపు 1.18 రెట్లు. మామూలు థర్మల్ రిలే సెట్టింగ్‌కి 1.05 రెట్ల దగ్గర ట్రిప్ కాకుండా నిలబడాలి, 1.2 రెట్ల దగ్గర రెండు గంటల్లోపు తప్పక ట్రిప్ కావాలి. మనం ఉన్నది ఆ మధ్యలో. అందుకే ఒకరోజు నడుస్తుంది, ఇంకోరోజు ఆగిపోతుంది. నేమ్‌ప్లేట్ మీదే ఆంప్స్ రాసి ఉంటే రిలేకి ఆ అంకెనే వాడండి. లెక్క దాన్ని సరిచూసుకోవడానికే.

ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. నేమ్‌ప్లేట్ మీద 7.5 కిలోవాట్లు అని ఉంటే, మోటారు లాగేది అంతే అనుకుంటారు. అది షాఫ్ట్ దగ్గర దొరికే పవర్. ఎఫిషియెన్సీతో భాగించాకే ఇన్‌పుట్ వస్తుంది.

సమస్య: ఫుల్ లోడ్‌లో ఉన్నా మీటర్ 8 ఆంప్సే చూపిస్తోంది

క్లాంప్ ఏ వైరుకు తగిలించారో చూడండి. స్టార్-డెల్టా స్టార్టర్ నుంచి మోటారుకు ఆరు వైర్లు వెళ్తాయి. డెల్టాలో నడుస్తున్నప్పుడు వాటిలో పారేది ఫేజ్ కరెంటు, అంటే లైన్ కరెంటులో 58 శాతం. 13.9లో 58 శాతం దాదాపు 8. స్టార్టర్‌కి వచ్చే సప్లై వైరు మీద కొలిస్తే అసలు కరెంటు తెలుస్తుంది. రిలే ఆ ఆరు వైర్లవైపు ఉంటే దాన్ని 8 దగ్గరే సెట్ చేయాలి. 13.9 దగ్గర పెడితే మోటారు కాలిపోతున్నా అది కదలదు.

సమస్య: సగం లోడే ఉంది, కరెంటు మాత్రం సగానికి తగ్గలేదు

ఇది ఫాల్ట్ కాదు. లోడ్ తగ్గినా అయస్కాంత క్షేత్రానికి కావలసిన కరెంటు పెద్దగా తగ్గదు, పవర్ ఫ్యాక్టర్ మాత్రం పడిపోతుంది. ఇదే మోటారుకు సగం లోడ్‌లో ఎఫిషియెన్సీ 0.87, పవర్ ఫ్యాక్టర్ 0.73 ఉంటే, దాదాపు 8.2 ఆంప్స్ వస్తాయి, 6.9 కాదు. నేమ్‌ప్లేట్ అంకెలు ఫుల్ లోడ్‌వి. కాబట్టి కరెంటును మాత్రమే చూసి లోడ్ ఎంతో చెప్పలేం. పవర్ మీటర్ పెట్టి కిలోవాట్లు కొలవాలి.

సమస్య: లెక్క సరిగ్గానే ఉంది, అయినా 15 ఆంప్స్ దాటుతోంది

ఫుల్ లోడ్ నడుస్తుండగానే, మోటారు టెర్మినల్స్ దగ్గర వోల్టేజీ కొలవండి. మోటారు ఆపి కొలిస్తే కేబుల్‌లో పడే డ్రాప్ కనిపించదు. అక్కడ 380 వోల్టులే ఉంటే, లోడ్ అడిగే పవర్ తగ్గదు కాబట్టి కరెంటు దాదాపు 15.2 అవుతుంది. ఎఫిషియెన్సీ, పవర్ ఫ్యాక్టర్ కూడా వోల్టేజీతో కొంచెం మారతాయి కాబట్టి ఇది అంచనా మాత్రమే. రిలే సెట్టింగ్ పెంచి దీన్ని సరిపెట్టకండి, వైండింగ్ వేడెక్కుతుంది. కేబుల్ సైజు, జాయింట్లు, సప్లై చూడాలి.

వోల్టేజీ బాగానే ఉండి, ఒక్క ఫేజ్‌లోనే ఎక్కువ కరెంటు ఉంటే సప్లై ఆపి, మూడు వైర్లనూ ఒక్కో టెర్మినల్ చొప్పున ఒకే వరుసలో జరిపి కలపండి. మూడూ జరిపితే తిరిగే దిశ మారదు. ఎక్కువ కరెంటు అదే సప్లై లైన్‌తో ఉండిపోతే లోపం సప్లైది. అదే మోటారు టెర్మినల్‌ను అంటిపెట్టుకుని వస్తే వైండింగ్ పరీక్ష చేయించాల్సిందే.