రివ్యూ ఒక్కటీ లేని కొత్త లిస్టింగ్: దసరా సీజన్‌కి ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

దసరా, దీపావళి సీజన్ వస్తోందంటే మా తిరుపతి చుట్టుపక్కల చాలామంది హడావిడిగా అమెజాన్‌లో సరుకు పెట్టేస్తారు. నాలుగు ఫొటోలు, రెండు లైన్లు, ధర. పెట్టిన మూడో రోజు నుంచి ఒకటే టెన్షన్, ఆర్డర్ రాలేదని. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు, చుట్టాల చేత నాలుగు రివ్యూలు రాయించమని. దయచేసి ఆ పని చేయకండి. కుటుంబ సభ్యులు, స్నేహితులు రాసే రివ్యూలను అమెజాన్ ఒప్పుకోదు, తెలిస్తే తీసేస్తుంది, ఖాతాకే ముప్పు రావచ్చు. మన దేశంలో కూడా ఆన్‌లైన్ రివ్యూల మీద 2022లోనే ఐఎస్ 19000 అనే ప్రమాణం వచ్చింది. రివ్యూలు లేనప్పుడు చేయదగ్గ పని వేరే ఉంది. కొనేవాళ్లు రివ్యూల్లో ఏం వెతుక్కుంటారో ఆ సమాధానాలన్నీ ఫొటోల్లో, రాతలో మనమే ముందుగా పెట్టడం.

మా వదిన కథ చెప్తాను. ఆమెది శ్రీకాళహస్తి, కలంతో గీసే కలంకారీ పని చేస్తుంది. పోయినేడు కాటన్ దుపట్టాలు ఆన్‌లైన్‌లో పెట్టింది. టైటిల్‌లో "బ్యూటిఫుల్", "బెస్ట్ గిఫ్ట్", "ట్రెడిషనల్", "న్యూ" అన్నీ ఉన్నాయి, కలంతో గీసిందన్న మాట మాత్రం లేదు. రెండు వారాల్లో 60 చిల్లర సెషన్లు, అంటే లిస్టింగ్ తెరిచి చూసిన సందర్శనలు వచ్చాయి, అమ్మకం సున్నా. "ఏందబ్బా ఇది, చూసి పోతున్నారే గానీ ఒక్కరూ తీసుకోరా" అని ఫోన్ చేసింది. లిస్టింగ్ తెరిచి చూశాను. పక్కనే మిషన్ మీద అచ్చేసిన కలంకారీ ప్రింట్ దుపట్టాలు ఉన్నాయి, ఆమె ధరలో నాలుగో వంతుకి, వందల రివ్యూలతో. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. కొనేవాళ్లు ఎందుకు ఎక్కువ డబ్బులు పెడతారు చెప్పండి?

కాబట్టి మొదటి జాగ్రత్త, లిస్టింగ్ ముట్టుకునే ముందు ఒక సాయంత్రం కూర్చుని అలాంటి సరుకుకి వచ్చిన రెండు నక్షత్రాల, మూడు నక్షత్రాల రివ్యూలు చదవండి. ఐదు నక్షత్రాలవాళ్లు "చాలా బాగుంది" అని ఊరుకుంటారు, అందులో మనకి పనికొచ్చేది తక్కువ. మధ్యలో ఉన్నవాళ్లే అసలు విషయం రాస్తారు. మేము నోట్‌బుక్‌లో వాళ్ల మాటల్లోనే రాసుకుంటూ పోతే చివరికి ఐదు భయాలు తేలాయి: రంగు ఫొటోలో లాగా లేదు, బట్ట అనుకున్నదానికంటే పల్చగా ఉంది, పొడవు చాలలేదు, ఉతికితే రంగు పోయింది, ఇది చేత్తో గీసింది కాదు ప్రింటే. వదిన చివరిది చూసి చాలాసేపు మాట్లాడలేదు, ఎందుకంటే తన దుపట్టా నిజంగానే చేత్తో గీసింది, అయినా కొనేవాళ్లకి ఆ తేడా తెలిసే దారి తను ఇవ్వలేదు.

ఫొటోలతో మొదలుపెట్టాం, ఎక్కువ సమయం కూడా వాటికే పట్టింది. మొదటి ఫొటోకి నియమాలు గట్టిగా ఉంటాయి: వెనకాల పూర్తి తెలుపు, వస్తువు ఫ్రేమ్‌లో 85 శాతం నిండాలి, అక్షరాలు, లోగో, వాటర్‌మార్క్ ఏవీ ఉండకూడదు. పొడవైన వైపు కనీసం 1000 పిక్సెళ్లు లేకపోతే జూమ్ పనిచేయదు, ఇలాంటి పనితనానికి జూమ్ లేకపోవడమంటే సరుకు దాచిపెట్టినట్టే. వదిన పాత ఫొటోలో దుపట్టా నాలుగు మడతలు వేసి ఉంది, నెమలి సగమే కనిపిస్తోంది. ఈసారి అంచు, నెమలి రెండూ పూర్తిగా కనిపించేలా పరిచాం.

రంగు విషయంలో చాలామంది చేసే తప్పు రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీయడం. కరక్కాయ పసుపు, చవలకోడి వేరు ఎరుపు ఆ వెలుతురులో వేరే రంగులైపోతాయి. పొద్దున పదింటికి వరండా నీడలో, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీశాం. ఫొటోలో ఆ కాగితం తెల్లగా కనిపిస్తే రంగులు దాదాపు సరిగ్గా ఉన్నట్టు, పసుపుగానో నీలంగానో కనిపిస్తే మళ్లీ తీయాలి. తర్వాత రెండు వేర్వేరు ఫోన్లలో ఫొటో తెరిచి కిటికీ దగ్గర అసలు బట్టతో పోల్చి చూశాం. ఫొటోని అందంగా చేద్దామని రంగు పెంచకండి. పెంచిన ప్రతి పాయింటూ వాపసు దగ్గర మీ ఖర్చులో పడుతుంది.

ఇక చేత్తో గీసిందని చూపించడం. పైన "హ్యాండ్‌మేడ్" అని రాస్తే ఎవరూ నమ్మరు, ప్రింట్ అమ్మేవాళ్లు కూడా అదే రాస్తున్నారు. ఒకే దుపట్టా మీద రెండు చివర్లా ఉన్న రెండు నెమళ్లని పక్కపక్కన పెట్టి దగ్గరగా తీశాం. ఒకదాని మెడ దగ్గర గీత లావుగా మొదలై సన్నబడింది, కలంలో కసిమి అనే నల్ల రంగు నిండుగా ఉన్నప్పుడు అలా వస్తుంది. రెండోదానికి తోకలో ఒక ఈక తక్కువ. ప్రింట్‌లో రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే ఉంటాయి. తర్వాత బట్ట తిరగేసి వెనక వైపు తీశాం, రంగు లోపలికి దిగి వెనక కూడా నెమలి కనిపిస్తోంది. చవక ప్రింట్లలో వెనక వైపు చాలావరకు పాలిపోయి ఉంటుంది. ఇంకో ఫొటోలో వదిన చెయ్యి, ఉన్ని చుట్టిన వెదురు కలం, సగం గీసిన నెమలి. ఈ మూడు ఫొటోలూ వంద రివ్యూల పని చేస్తాయని అనను గానీ, ప్రింట్‌కీ దీనికీ తేడా ఏమిటన్న ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు ఉండదు.

పొడవు భయానికి, ఒకావిడ భుజం మీద వేసుకున్న ఫొటో పెట్టి కింద ఆమె ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు అని రాశాం. రెండున్నర మీటర్లు అని ఎన్నిసార్లు రాసినా మనిషి మీద చూస్తేనే అర్థమవుతుంది. పల్చదనానికి, బట్ట కింద అరచెయ్యి పెట్టి తీశాం, వేళ్లు ఎంత కనిపిస్తున్నాయో అంతే. ఫొటో మీద అక్షరాలు రాసేటప్పుడు ఒక సంగతి మర్చిపోకండి, చాలామంది చూసేది ఫోన్‌లో. ఫొటోని మీ బొటనవేలంత చేసి చూడండి, చదవలేకపోతే ఆ అక్షరాలు లేనట్టే.

టైటిల్‌కి వస్తే, కొత్త లిస్టింగ్ "దుపట్టా" అన్న పెద్ద మాట మీద పోటీ పడలేదు, ఆశ పెట్టుకోవద్దు. సరిగ్గా ఇదే వస్తువు కావాలని టైప్ చేసేవాళ్లు తక్కువమందే, కానీ వాళ్లు కొనడానికి వచ్చినవాళ్లు. ఫోన్‌లో మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి కాబట్టి అసలైనవి ముందు రావాలి. బ్రాండ్ పేరు తర్వాత వదిన టైటిల్ ఇలా మారింది:

```
Srikalahasti Hand-Painted Pen Kalamkari Cotton Dupatta, Peacock, 2.5 m
```

టైటిల్‌లో పట్టని మాటలు వెనక ఉండే సెర్చ్ టర్మ్స్ గడిలో వేయాలి. టైటిల్‌లో ఉన్నవి మళ్లీ రాయకండి, వేరేవాళ్ల బ్రాండ్ పేర్లు అసలు పెట్టకండి. ఉత్తరాదివాళ్లు వెతికే మాటలు, వేరే రకంగా రాసే స్పెల్లింగులు వేయండి: `chunni`, `odhni`, `kalamkaari`, `kalahasti`. అక్కడ పరిమితి అక్షరాల్లో కాదు, బైట్లలో ఉంటుంది. ఒక్కో తెలుగు అక్షర రూపానికి, గుణింతపు గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి కాబట్టి తెలుగులో నింపితే గడి తొందరగా అయిపోతుంది. మాట అందిందా లేదా చూడాలంటే ఒకటి రెండు రోజులాగి సెర్చ్‌లో అమెజాన్ మీ వస్తువుకి ఇచ్చిన ఏఎస్‌ఐఎన్ నంబరు, పక్కన ఆ మాట వేయండి, మీ వస్తువు రాకపోతే ఆ మాట ఇంకా ఎక్కనట్టు.

బుల్లెట్ పాయింట్లు ఐదు, మా భయాలూ ఐదే. ఒక్కో భయానికి ఒక్కో పాయింటు. చేత్తో గీసిందన్న పాయింటు ఇలా రాశాం:

```
Drawn by hand, so no two peacocks match exactly.
The piece in the photos is the piece you get.
```

ఆ రెండో లైన్ రాసే ముందు మాత్రం బాగా ఆలోచించండి. వదిన దగ్గర ఒక్కో డిజైన్‌కి ఒక్క ముక్కే ఉంది కాబట్టి రాయగలిగింది. మీరు ఒకే ఫొటో పెట్టి పది ముక్కలు అమ్ముతూ ఆ మాట రాస్తే వచ్చిన మొదటి ఆర్డరే వాపసు వస్తుంది. అప్పుడు రెండు మూడు ముక్కలు పక్కపక్కన చూపించి, ఏది మారుతుందో చెప్పండి. ఉతకడం గురించి కూడా దాచకండి: మొదటిసారి విడిగా, చల్లటి నీళ్లలో, నానబెట్టకుండా, నీడన ఆరేయాలి. కొత్తలో పాల వాసన, కరక్కాయ వాసన కొంచెం ఉంటుందని, బట్టని గేదె పాలు, కరక్కాయ కలిపిన నీళ్లలో తడపడం వల్లేనని రాశాం. రాస్తే కొనరేమోనని వదిన భయపడింది. నా ఉద్దేశం వేరు. ముందే చదివినవాళ్లకి అది ఆ పనితనంలో భాగంగా అనిపిస్తుంది, చదవనివాళ్లకి ప్యాకెట్ విప్పగానే పాడైన సరుకు అనిపిస్తుంది.

ఇంకో రెండు మాటల దగ్గర జాగ్రత్త. అన్ని రంగులూ సహజమైతేనే "నాచురల్ డైస్" అనండి, ఒక్క నీలం బయటి రంగు వాడినా ఆ సంగతి రాయండి. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది, కానీ ఆ జీఐ ముద్ర వేసుకునే హక్కు అధీకృత వినియోగదారుగా నమోదైనవాళ్లకే. అడగకుండా వేసుకోవద్దు.

అన్నీ పెట్టాక రోజూ మార్చకండి. ఒక మార్పు చేసి కనీసం రెండు వారాలు ఆగండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. బిజినెస్ రిపోర్ట్స్‌లో సెషన్లు చూడండి. సెషన్లే రావట్లేదంటే తప్పు టైటిల్‌లోనో, సెర్చ్ మాటల్లోనో, మొదటి ఫొటోలోనో ఉంది. సెషన్లు వంద దాటినా ఆర్డర్ లేదంటే లోపలి ఫొటోలు, ధర, డెలివరీ తేదీ చూడాలి. పది ఇరవై సెషన్లకే కంగారు పడి ధర తగ్గించేయకండి. డెలివరీ సంగతి కూడా మర్చిపోవద్దు. హైదరాబాద్, బెంగళూరు పిన్‌కోడ్లు వేసి చూడండి, మీ దగ్గర తొమ్మిది రోజులు, పక్కవాళ్ల దగ్గర మూడు రోజులు చూపిస్తుంటే ఎంత మంచి రాతా ఆ తేడాని పూడ్చలేదు. వదిన దుపట్టాకి ఏడు రోజులు చూపించింది, పంపే సమయం తగ్గించుకున్నాక నాలుగుకి వచ్చింది.

మార్చిన పదకొండో రోజు మొదటి ఆర్డర్ వచ్చింది, బెంగళూరు నుంచి. నెల తిరిగేసరికి నాలుగు అమ్మింది. అందులో ఒకావిడ కొనే ముందు, ఇది పట్టు చీర మీదకి పనికొస్తుందా, అంచు కుట్టి ఉందా అని అడిగింది. అంచు సంగతి మేము ఎక్కడా రాయలేదు. ఆ రాత్రే అంచు దగ్గరగా ఫొటో తీసి ఏడో ఫొటోగా చేర్చాం. ప్యాకెట్‌లో మంచి రివ్యూ ఇవ్వమని చీటీ పెట్టలేదు, అది నిషేధం. డెలివరీ అయిన ఐదో రోజు నుంచి ముప్పయ్యో రోజు లోపల ఆర్డర్ పేజీలో `Request a Review` బటన్ నొక్కొచ్చు, ఒక్కో ఆర్డర్‌కి ఒక్కసారే. వదిన క్యాలెండర్‌లో నాలుగు తేదీలు గుండ్రాలు చుట్టి పెట్టుకుంది.