గుర్తున్న చరిత్ర నిజమా కాదా - 4వ పాఠం: మా పెదనాయన చెప్పే 56

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క సంగతి తేల్చేద్దాం. "మా తాత 1965లో ప్రకాశం జిల్లాలో పుట్టినాడు" అనే మాటలో తప్పేందో కనుక్కోమన్నా కదా, చాలామంది పట్టేసినారు. జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి 2న, అదీ ఒంగోలు జిల్లా అనే పేరుతో, ప్రకాశం అనే పేరు 1972లో వచ్చింది, కాబట్టి 65లో ప్రకాశం జిల్లా అనేదే లేదు. అట్లని తాత పుట్టిన సంవత్సరం తప్పని కాదు, ఇప్పటి పేరు అప్పటికి తగిలించినాం అంతే. మా కందుకూరోళ్ళకి ఈ బాధ ఇంకా ఎక్కువ, మొదట నెల్లూరు, 70లో కొత్త జిల్లా, 2022లో మళ్ళీ నెల్లూరు, మా ఇంట్లో ముగ్గురి కాగితాల్లో మూడు జిల్లాలుంటాయి, మనిషి మాత్రం అదే వీధిలో.

ఇప్పుడు అసలు పాఠం. మా పెదనాయన పొట్టి శ్రీరాములు గారి గురించి ఎప్పుడూ ఒక మాట చెప్తాడు, "అమరజీవి 56 రోజులు పస్తుండి 56లో రాష్ట్రం తెచ్చినాడురా". చిన్నప్పటి నుంచీ విన్నా, స్కూల్లో కూడా అట్లనే రాసినా, మార్కులు కూడా పడినాయి. వినడానికి ఎంత బాగుందో చూడండి, 56కి 56. ఇట్లా అంకెలు ఒకదానికొకటి జత కుదిరినాయంటే నాకు ముందు అనుమానం వస్తది, ఎందుకంటే జత కుదిరిన మాట మనసులో అతుక్కుంటది, నిజమైందని కాదు, పలకడానికి బాగుందని.

మొదటి పని, ఏమీ వెతక్కముందే ఆ మాటని ముక్కలు చేసి కాగితం మీద రాసుకోవడం. పెదనాయన మాటలో మూడున్నాయి. దీక్ష 56 రోజులు. రాష్ట్రం వచ్చింది 1956లో. ఆ దీక్ష వల్లే ఆ రాష్ట్రం వచ్చింది. ఇట్లా రాసుకోకుండా ఫోన్ తీసి వెతికితే ఏమవుతుందంటే దొరికిన దాన్ని బట్టి మన జ్ఞాపకం కూడా మారిపోతది, "ఆఁ నేనూ అదే అనుకున్నా" అంటాం, అప్పుడు చెక్ చేసినట్టు కాదు.

రోజుల సంగతి చూద్దాం. పొట్టి శ్రీరాములు గారు మద్రాసు మైలాపూర్‌లో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో దీక్ష మొదలుపెట్టింది 1952 అక్టోబర్ 19న, చనిపోయింది డిసెంబర్ 15 రాత్రి. వేళ్ళ మీద లెక్కేద్దాం. అక్టోబర్ 19 నుంచి 31 దాకా ఆ రెండు రోజులూ కలుపుకుంటే 13, నవంబర్ 30, డిసెంబర్ 15, మొత్తం 58. మొదటి రోజు వదిలేసి తీసివేత చేస్తే 57. మొదటి రోజూ చివరి రోజూ రెండూ వదిలేస్తే 56. చూసినారా, ఒకటే దీక్షకి మూడు అంకెలు, మూడూ అవే తేదీల నుంచి పుట్టినాయి. ఎక్కువమంది 58 అని రాస్తారు, మొదటి రోజూ చివరి రోజూ లెక్కలో వేసుకుంటే అదే కరెక్ట్, 56 అన్నోళ్ళు మాత్రం ఏ లెక్కన అన్నారో వాళ్ళే చెప్పాలి. కాబట్టి రోజుల అంకె మీద గొడవపడేకంటే రెండు తేదీలు పట్టుకోండి, అంకె దానంతటదే వస్తది.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, "లెక్క సరిపోయింది, తేదీలు కరెక్టే" అని. కాదు. రెండు తేదీలనీ ఒక్కో రోజు ముందుకి జరపండి, అక్టోబర్ 20, డిసెంబర్ 16, అప్పుడు కూడా 58 వస్తది. అంటే ఈ లెక్క రెండు తేదీలు ఒకదానికొకటి పొత్తు కుదిరినాయా అని చెప్తది గానీ, అసలు తేదీ అదేనా అని చెప్పదు. అందులో ఇది రాత్రిపూట జరిగిన విషయం, రాత్రి విషయాల్లో ఒక రోజు అటూఇటూ అవడం మామూలే, పొద్దున పేపర్లో చదివినోడికి పేపర్ తేదీనే గుర్తుంటది.

దానికి వారం లెక్క పనికొస్తది. 1947 ఆగస్టు 15 శుక్రవారం, ఇది గుర్తుపెట్టుకోండి, చాలా చోట్ల వాడుకోవచ్చు. సంవత్సరానికి వారం ఒక రోజు జరుగుతది, మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే ఇంకో రోజు. 47 ఆగస్టు నుంచి 52 ఆగస్టుకి ఐదు సంవత్సరాలు, మధ్యలో 48లో ఒకటి 52లో ఒకటి ఫిబ్రవరి 29లు, మొత్తం ఏడు రోజుల జరుగుడు, అంటే మళ్ళీ శుక్రవారమే. ఆగస్టు 15 నుంచి డిసెంబర్ 15కి 31, 30, 31, 30 కలిపితే 122 రోజులు, ఏడుతో భాగిస్తే 3 మిగులు, శుక్రవారం తర్వాత మూడోది సోమవారం. కాబట్టి డిసెంబర్ 15 సోమవారం. మీ ఇంట్లో ముసలోళ్ళు ఎవరైనా "ఆ రోజు సోమవారం, ఫలానా ఊరి సంత" అని వాళ్ళంతట వాళ్ళు చెప్తే అది మంచి సాక్ష్యం. కానీ పుస్తకంలో "సోమవారం" అని రాసుంటే దానికి అంత బరువు లేదు, ఎందుకంటే మనం ఇప్పుడు లెక్కేసినట్టే ఆ రాసినాయన కూడా తర్వాత లెక్కేసి రాసుండచ్చు. ఇంకోటి, వారం సరిపోయినంత మాత్రాన సరిగ్గా ఏడు రోజుల తప్పు దొరకదు.

సరే, ఎన్ని చోట్ల చూడాలి అని అడుగుతారు. గైడు పుస్తకం, క్విజ్ యాప్, విగ్రహం కింద ఫలకం, జయంతి రోజు ఫ్లెక్సీ, నాలుగు చోట్లా ఒకటే ఉంది కాబట్టి నాలుగు సాక్ష్యాలు అనుకోబాకండి. అవి ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి అయితే ఒకటే సాక్ష్యం. ఎట్లా కనుక్కోవాలంటే ఆ పేరాలో ఇంకేదైనా తప్పు ఉందేమో చూడండి, అదే తప్పు, అదే అక్షరం మిగతా చోట్ల కూడా కనిపిస్తే కాపీ అన్నమాట. ఒప్పు నలుగురికీ విడివిడిగా దొరకొచ్చు, ఒకటే తప్పు నలుగురూ విడివిడిగా చేయరు. అసలు బలం ఉండేది ఆ వారంలోనే అచ్చయిన పేపర్‌కి. పాతకాలం తెలుగు పత్రికలు స్కాన్ చేసి పెట్టినవి నెట్లో దొరుకుతాయి, ఓపిక ఉంటే చూడండి, కాకపోతే మొదటి పేజీ మీద తేదీ కాకుండా వార్త లోపల "నిన్న రాత్రి" అనుందా "మొన్న" అనుందా చూసుకుని వెనక్కి లెక్కేయాలి.

ఇంక రెండో ముక్క, 1956. ఇక్కడ పెదనాయన రెండు రాష్ట్రాల్ని ఒకటి చేసినాడు. దీక్ష తర్వాత వచ్చింది ఆంధ్ర రాష్ట్రం, 1953 అక్టోబర్ 1న, కర్నూలు రాజధాని, మన టంగుటూరి ప్రకాశం గారు ముఖ్యమంత్రి. ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబర్ 1న, హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలిసినప్పుడు. ఈ తప్పు ఎట్లా వస్తదో కూడా తెలుసు, పండగ చేసేది నవంబర్ 1కి, దండేసేది శ్రీరాములు గారి విగ్రహానికి, చూసినోడు రెండూ కలిపేసుకుంటాడు, ఆయన తప్పు కాదు పాపం.

మూడోది కారణం, దీనికే అసలు టైమ్ పడతది. తేదీకి ఉన్నట్టు కారణానికి కాగితం ఉండదు, అందుకే వేరేగా అడగాలి. నేను మూడు ప్రశ్నలు వేసుకుంటా.

అదే పని ఇంతకుముందు ఎవరైనా చేసినారా, చేస్తే ఏమైంది? చేసినారు. 1951లో స్వామి సీతారాం గారు ఇదే ఆంధ్ర రాష్ట్రం కోసం 35 రోజులు దీక్ష చేసినారు, వినోబా భావే చెప్పినాక విరమించినారు, రాష్ట్రం రాలేదు. కాబట్టి "దీక్ష చేస్తే రాష్ట్రం వస్తది" అనేంత సులువు కాదు. తేడా ప్రాణం పోవడమా, లేకపోతే మధ్యలో 52 ఎన్నికల్లో ఆంధ్ర జిల్లాల్లో కాంగ్రెస్‌కి దెబ్బ తగలడమా, రెండూనా? ఒక్క పోలికతో తేలదు.

కారణం అంటున్నది ఫలితం కంటే ముందే జరిగిందా? మామూలుగా మనం చెప్పుకునేది, ఆయన 15న చనిపోయినారు, ఊర్లు అట్టుడికినాయి, నెల్లూరులో కూడా, 19న నెహ్రూ పార్లమెంటులో రాష్ట్రం ఇస్తామని ప్రకటించినారు. వరస కరెక్టే. కానీ నెహ్రూ అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి రాసిన ఉత్తరాలు ఉన్నాయి. డిసెంబర్ మొదట్లో రాసిందాంట్లో ఈ దీక్షని పట్టించుకోను అన్నట్టు ఉంటది, 12న రాసిందాంట్లో ఆంధ్ర డిమాండ్ ఒప్పుకునే టైమ్ వచ్చిందన్నట్టు ఉంటది. 12 అంటే శ్రీరాములు గారు చనిపోకముందు మూడు రోజులు. అంటే మనసు మారడం చావుకంటే ముందే మొదలైంది, చావు వల్లే మారింది అని చెప్పలేం, చావు ఆ ప్రకటనని తొందర చేసిందని చెప్తే నిలబడతది. అయితే ఆ ఉత్తరం ఒక మనిషి మనసు చెప్తది, క్యాబినెట్ నిర్ణయం కాదు, శ్రీరాములు గారు బతికుంటే 19న ప్రకటన వచ్చేదా అంటే ఏ ఉత్తరమూ చెప్పలేదు. ఆ గోడ దాకా పోయి ఆగాలి, గోడ అవతల ఏముందో కనిపించినట్టు రాయకూడదు.

అడిగింది అంతా వచ్చిందా? రాలేదు. మద్రాసు నగరం కూడా కావాలని అడిగినారు, అది రాలేదు. మద్రాసు మీద పట్టు వదిలేస్తే ఆంధ్ర ఇవ్వచ్చు అనే మాట 1949లోనే జె.వి.పి. కమిటీ చెప్పింది, జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి ముగ్గురూ కలిసి ఇచ్చిన రిపోర్టు. చివరికి ఇచ్చింది దాదాపు ఆ పద్ధతిలోనే. ఇది చూసినాక దీక్షకున్న బలం తగ్గిందని కాదు గానీ, తలుపు కొంచెం ముందే తీసుందని తెలుస్తది.

1956కి వస్తే ఈ దీక్షతో లింకు ఇంకా పలచబడతది. 1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్ అయితే తెలంగాణ అప్పటికి విడిగానే ఉండాలి, 1961 ప్రాంతంలో ఎన్నికలయినాక అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే కలవచ్చు అని చెప్పింది. అట్లా చెప్పినా 56లోనే కలిపినారు, ఆ ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం కుదిరినాక. ఆ రాజకీయం వేరే, అందులో మైలాపూర్ ఇంటి పేరు రాదు.

ఇప్పుడు నా నోట్‌బుక్‌లో ఏం రాసినానంటే, చావు తేదీ దాదాపు ఖాయం, దీక్ష మొదలైన తేదీ కూడా అంతే. 58 అనేది లెక్క పద్ధతి రాస్తేనే కరెక్ట్. 1956 తప్పు, 1953 ఒప్పు. "దీక్ష వల్ల" అనేది సగం ఒప్పు, ఎప్పుడు వచ్చిందనేదానికి గట్టి కారణం, అసలు ఎందుకు వచ్చిందనేదానికి కారణాల్లో ఒకటి. ఈ చివరిది పెన్సిల్‌తో రాసినా, మిగతావి పెన్నుతో.

పెదనాయనకి చదివి వినిపించినా. అంతా విని, "అట్లనా, మరి నేను పుట్టింది ఏ రాష్ట్రంలోరా?" అన్నాడు. ఆయన పుట్టింది 54లో.

వచ్చే పాఠానికి లెక్క: "దూబగుంట ఆడోళ్ళ ఉద్యమం చూసి ఎన్టీఆర్ సారా బంద్ చేసినాడు". ఈ మాటని ముక్కలు చేయండి, సారా నిషేధం ఒకటి, మొత్తం మద్యనిషేధం ఇంకొకటి, రెండింటికీ ముఖ్యమంత్రి ఒకరేనా చూడండి. వెతక్కముందు మీకు గుర్తున్నది తేదీ వేసి రాసుకోండి, రాసుకోకుండా పంపితే నేను దిద్దను.