మెయిల్‌ని తిరిగి తెలుగులోకి తెచ్చి చూడండి: ఒక బత్తాయి లోడు మెయిల్‌లో దొరికిన తేడాలు

నల్లగొండలో మాది జిరాక్స్, టైపింగ్ షాపు. దరఖాస్తులు, అఫిడవిట్లతో పాటు ఈమధ్య మెయిళ్లు కూడా రాయించుకుంటున్నారు. నిడమనూరు వైపు నుంచి ఒక బత్తాయి రైతు వచ్చాడు, నేను మామా అని పిలుస్తాను. ఇదివరకు కమీషన్ ఏజెంటు ద్వారా అమ్మేవాడు. ఇప్పుడు ఢిల్లీ వ్యాపారికి నేరుగా లోడు పంపుతున్నాడు. ఆ సేటుకి తెలుగు రాదు, మామకి ఇంగ్లీషు రాదు. అనువాద సైటులో వేసి పంపేద్దామన్నాడు. పంపే ముందు ఆ ఇంగ్లీషుని మళ్లీ తెలుగులోకి తిప్పి చూశాం. ఐదు వాక్యాల మెయిల్‌లో ఐదింటికీ మరమ్మతు పడింది.

మామ చెప్పింది ఇది:

1. కత్తెర కాపు రేటు అనుకున్నట్టే.
2. ఈ లోడు 20వ తేదీ వరకు పంపుతాం.
3. లారీ కిరాయి ఈసారి మనం పెట్టుకోవాలి.
4. పోయిన లోడు పైసలు ఇంకా పంపలేదు.
5. ఈసారి తరుగు ఉండొద్దు.

తిరిగి వచ్చింది ఇది:

1. కత్తెర పంట ధర అనుకున్న విధంగానే ఉంది.
2. మేము ఈ లోడ్‌ను 20వ తేదీ వరకు పంపుతాము.
3. ఈసారి లారీ అద్దె మేము చెల్లించాలి.
4. నేను గత లోడ్ డబ్బును ఇంకా పంపలేదు.
5. ఈసారి తగ్గింపు ఉండకూడదు.

మీరు ఇవే వాక్యాలు వేస్తే అచ్చం ఇలాగే రాకపోవచ్చు, సైటుని బట్టి మారుతుంది. కానీ తప్పు జరిగే చోట్లు మాత్రం ఇవే.

ముందు చేసే పద్ధతి చెబుతాను. ఒక్కో వాక్యం ఒక్కో లైనులో, నంబరు వేసి రాయండి, లేకపోతే పోల్చేటప్పుడు ఏ ముక్క ఎక్కడికి పోయిందో తెలియదు. ఇంగ్లీషు వచ్చాక దాన్ని కాపీ చేసి వేరే అనువాద సైటులో అతికించి తెలుగులోకి మార్చండి. అదే సైటులో బాణం గుర్తు నొక్కి అటుది ఇటు తిప్పడం సులువే, కానీ ఒకే సైటు తాను చేసిన తప్పుని తానే సరిచేసుకున్నట్టు చూపించే అవకాశం ఎక్కువ. బ్యాంకు ఖాతా నంబరు, ఫోన్ నంబరు ఇందులో వేయొద్దు. వాటి చోట చుక్కలు పెట్టి, మెయిల్ పంపే ముందు చేత్తో టైపు చేసుకోండి.

సమస్య: ఖర్చు పెట్టేది ఎవరో మారిపోయింది

మూడో వాక్యం చదివి అడిగాను, "మామా, కిరాయి మొత్తం నువ్వే పెడుతున్నవా?"

"నేనెందుకు పెడతా? మనం అంటే నేనూ సేటూ. మధ్యల ఏజెంటు లేడు కదా."

కారణం చిన్నదే. తెలుగులో మనం అంటే వినేవాడు కూడా లెక్కలో ఉంటాడు, మేము అంటే ఉండడు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట, ‘వుయ్’. అక్కడికి వెళ్లగానే తేడా మాయమవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు సైటు ఏదో ఒకటి ఎంచుకుంటుంది. ఈసారి ‘మేము’ అని వచ్చింది కాబట్టి దొరికింది. అదృష్టం బాగుండి ‘మనం’ అని వచ్చి ఉంటే మేం సంతోషంగా పంపేసేవాళ్లం. సేటు మాత్రం కిరాయి అంతా రైతుదే అని చదువుకునేవాడు.

అందుకే మెయిల్‌లో ‘మనం’ ఎక్కడ కనిపించినా, తిరిగి సరిగ్గా వచ్చినా సరే, దాన్ని తీసేసి మనుషుల్ని విడిగా చెప్పండి. మామది ఇలా మార్చాం: "లారీ కిరాయిలో సగం మీరు ఇవ్వాలి, సగం నేను ఇస్తాను. కిరాయి 1,20,000 రూపాయలు అయితే మీ వాటా 60,000 రూపాయలు." మళ్లీ తిప్పితే వాటాలు చెక్కుచెదరలేదు. అంకెలు వేస్తే ఇంకో లాభం ఉంది, ఇంగ్లీషు రాకపోయినా వాటిని కళ్లతో సరిచూసుకోవచ్చు.

సమస్య: బాకీ తలకిందులైంది

నాలుగో వాక్యంలో డబ్బు పంపాల్సింది సేటు. తిరిగి వచ్చిన దాంట్లో పంపనిది మామ. ఇది చూసి మామ కుర్చీలోంచి లేచాడు.

ఇందులో సైటు తప్పు సగమే. ‘పంపాను’ అంటే నేను, ‘పంపారు’ అంటే మీరో వాళ్లో అని క్రియే చెబుతుంది. ‘పంపలేదు’ అంటే ఎవరైనా కావచ్చు: నేను పంపలేదు, మీరు పంపలేదు, వాళ్లు పంపలేదు. మనం మాట్లాడేటప్పుడు సందర్భం చూసి అర్థం చేసుకుంటాం. ఇంగ్లీషు వాక్యానికి మాత్రం కర్త కావాలి, కాబట్టి సైటు ఎవరో ఒకర్ని తెచ్చి కూర్చోబెడుతుంది. మెయిల్ రాస్తున్నది ‘నేను’ కాబట్టి చాలాసార్లు ఆ నింద మన మీదికే వస్తుంది.

లేదు, రాలేదు, ఇవ్వలేదు, చెప్పలేదు అని ముగిసే ప్రతి వాక్యంలో ఎవరు అన్నది రాయండి. "పోయిన లోడు డబ్బు మీరు నాకు ఇంకా పంపలేదు." ‘నాకు’ కూడా ఉండాలి. ‘మీ పైసలు రాలేదు’ అని రాస్తే మీ నుంచి రావాల్సినవా, మీకు రావాల్సినవా అన్నది మళ్లీ తేలదు.

సమస్య: ఏ తేడా లేదు, అయినా తప్పే

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. ఒకటో వాక్యంలో కత్తెర వెళ్లింది, కత్తెరే వచ్చింది. మామ తలూపాడు. నాకెందుకో అనుమానం వచ్చి మధ్యలో ఉన్న ఇంగ్లీషు చూశాను. ‘సిజర్స్ క్రాప్’ అని ఉంది. సీజను దాటాక వచ్చే కాపుని మన దగ్గర కత్తెర కాపు అంటాం. సైటుకి తెలిసిన కత్తెర దర్జీ చేతిలో ఉండేది. తెలుగు నుంచి వెళ్లేటప్పుడు తప్పు చేసింది, ఇంగ్లీషు నుంచి వచ్చేటప్పుడు ‘సిజర్స్’ని నిజాయితీగా కత్తెర అనే అన్నది. రెండు సైట్లు వాడినా దొరకలేదు, ఎందుకంటే రెండోది చేసిన పనిలో తప్పే లేదు.

రెండో వాక్యం కూడా అంతే. "సోమవారం వరకు ఇస్తా" అంటే మన వైపు సోమవారం లోపు అని. సైటు ‘అంటిల్’ అని వేసింది, అంటే 20 దాకా పంపుతూనే ఉంటామని. తిరిగి ‘వరకు’ అనే వచ్చింది.

ఇలా తిప్పి చూడటం సైట్లు రాకముందు నుంచీ ఉన్న పద్ధతే. ఒక భాషలోని సర్వే ప్రశ్నల్ని ఇంకో భాషలో అడగాల్సి వచ్చినప్పుడు పరిశోధకులు దీన్ని వాడేవారు. రిచర్డ్ బ్రిస్లిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లోనే దీని మీద రాస్తూ ఈ లోపాన్ని చెప్పాడు: అనువాదం మూలభాష వాక్యాన్ని అలాగే మోసుకొస్తే, తిరిగి తిప్పడం సులువవుతుంది, రెండూ సరిపోయినట్టు కనిపిస్తాయి, మధ్యలోది మాత్రం చదివేవాడికి పనికిరాదు. మా కత్తెర సంగతి అచ్చం అదే. ‘చేతులెత్తేశాడు’ లాంటి నుడికారాలు ఈ దారిలోనే తప్పించుకుంటాయి. చేతులు పైకెత్తినట్టు ఇంగ్లీషులోకి వెళ్లి, మళ్లీ చేతులెత్తినట్టే తిరిగొస్తాయి.

దీనికి మందు మధ్యలో ఉన్న ఇంగ్లీషు దగ్గరే ఉంది. దాన్ని అసలు విషయం తెలియని మనిషికి చూపించాలి. తెలిసినవాళ్లకి చూపిస్తే, తప్పు ఉన్నా మనసులోనే సర్దుకుని సరిగ్గా చదివేస్తారు. నేను నర్సింగ్ చదువుతున్న మా చెల్లెలికి వాట్సాప్‌లో పెట్టి, "ఇందులో ఏముందో తెలుగులో చెప్పు" అన్నాను. మామ రాసింది చూపించలేదు. రెండు నిమిషాల్లో ఫోన్ చేసింది. "అన్నా, వీళ్లు అమ్మేది కత్తెరలా? 20 దాకా రోజూ పంపుతరా?" ఏ సైటూ పట్టుకోని రెండు తప్పులూ ఆ ఒక్క ఫోన్‌తో బయటపడ్డాయి.

అలాంటి మనిషి దొరకకపోతే, ఇంగ్లీషు వాక్యంలోని వస్తువుల పేర్లను ఒక్కొక్కటిగా విడదీసి ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడండి. బత్తాయి బేరంలో కత్తెర బొమ్మలు వస్తే ఇంగ్లీషు చదవడం రాని మామకైనా అర్థమవుతుంది. ‘వరకు’ లాంటి మాటలకి బొమ్మ ఉండదు కాబట్టి ఈ ఉపాయం వాటికి పనిచేయదు.

దిద్దేది ఎప్పుడూ తెలుగులోనే. ‘కత్తెర కాపు’ని ‘ఆఫ్ సీజన్ బత్తాయి’ చేశాం. ‘20వ తేదీ వరకు’ని ‘20వ తేదీ సాయంత్రం 6 గంటల లోపు ఒక్క లోడు’ చేశాం. ఇంగ్లీషులో తెలిసిన ఒక మాట మార్చబోతే పక్క మాటతో పొంతన పోతుంది, అది చూసుకునే ఇంగ్లీషే ఉంటే మనకి సైటు ఎందుకు?

సమస్య: తేడా ఉంది, పట్టించుకోవాలా వద్దా?

కిరాయి అద్దెగా, పైసలు డబ్బుగా తిరిగొస్తే వదిలేయండి. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చినా కంగారు పడొద్దు. ఇంగ్లీషులో రెండింటికీ ‘యు’ ఒక్కటే కాబట్టి సేటుకి అమర్యాదగా అనిపించదు. మెయిల్ హిందీలోకి పంపుతుంటే మాత్రం చూసుకోవాలి, అక్కడ ‘ఆప్’, ‘తుమ్’ తేడా ఉంది. హిందీలో రేపటికీ నిన్నటికీ ‘కల్’ ఒక్కటే అన్నది కూడా గుర్తుంచుకుని, ‘రేపు’, ‘నిన్న’ అని కాకుండా తేదీ వేయండి.

నేను వాడే కొలత ఒకటే: ఈ తేడా వల్ల డబ్బు, తూకం, తేదీ, మనిషి వీటిలో ఏదైనా మారుతుందా? ఐదో వాక్యాన్ని ఆ కొలతతో చూడండి. తరుగు పోయి తగ్గింపు వచ్చింది. పైకి దగ్గరి మాటలే. కానీ మామ అడిగింది తూకంలో కోత వద్దని. సేటు చదివేది ధరలో డిస్కౌంట్ ఇవ్వనని. ధర తగ్గించమని ఆయన అడగనే లేదు. దీన్ని మాత్రం విప్పి రాయాల్సి వచ్చింది: "కాంటా మీద వచ్చిన మొత్తం బరువుకి డబ్బు కట్టండి. టన్నుకి 50 కిలోలు తీసేసి లెక్క వేయొద్దు."

ఒక వాక్యం మార్చాక ఆ ఒక్కటే కాకుండా మెయిల్ మొత్తం మళ్లీ తిప్పండి, పక్క వాక్యం మారితే దీని అనువాదమూ మారుతుంది. మాకు మూడు రౌండ్లు పట్టింది, చెల్లెలికి రెండోసారి పంపడంతో కలిపి 40 నిమిషాలు. రెండోసారి ఆమె అడిగింది ఒక్కటే, "సగం కిరాయి ముందే ఇయ్యాల్నా, లోడు దిగినంకనా?" అది అనువాదం తప్పు కాదు, మామ అసలు చెప్పనే లేదు. "లోడు దిగిన రోజే" అని ఆరో వాక్యం కలిపి పంపాం.