ట్రాక్టర్ పనికి ముందు మెడలో గొలుసు, చేతి కడియం: కోతల సీజన్ జాగ్రత్తలు

ట్రాక్టర్ వెనక తగిలించిన యంత్రాలను తిప్పే పీటీఓ షాఫ్టుకు కండువా చుట్టుకుని ప్రాణం పోయిందన్న వార్త మళ్లీ వచ్చింది. కండువా, లుంగీ సంగతి అందరికీ తెలుసు. మెడలో గొలుసు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. గడ్డి కట్టలు కట్టే బేలర్ దగ్గర వంగితే, చొక్కాలోంచి ముందుగా జారి వేలాడేది అదే.

లెక్క చూడండి. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 9. షాఫ్టు మందం 35 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక్క సెకనులో దాదాపు మీటరు పొడవు చుట్టేస్తుంది. 20 అంగుళాల గొలుసు అర మీటరే. తగులుకున్న అర సెకనులో మొత్తం చుట్టుకుపోతుంది. చెయ్యి ఎత్తి హుక్కు తీసే వ్యవధి ఉండదు. అప్పుడు తెగాల్సింది గొలుసు.

ఎంత లాగితే తెగుతుంది? మెత్తని 22 క్యారెట్ల తీగ చదరపు మిల్లీమీటరుకు సుమారు 20 కిలోల లాగుడు తట్టుకుంటుంది. సాదా అల్లికలో 20 అంగుళాల గొలుసు 10 గ్రాములుంటే తీగ మందం 0.7 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ప్రతి లింకులో తీగ రెండు వైపులా లాగుడు మోస్తుంది కాబట్టి దాదాపు 15 కిలోలకు తెగుతుంది. అదే పొడవులో 20 గ్రాములు చేయిస్తే తీగ ఒక మిల్లీమీటరు, తెగడానికి 30 కిలోలు కావాలి. 50 గ్రాములైతే అది మెడ మీద తాడే. హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతను చెబుతుంది, ఈ బలం గురించి ఏమీ చెప్పదు.

ఇక్కడే మనవాళ్లు చేసే పెద్ద తప్పు. హుక్కు పక్కన కలిపే చిన్న రింగు సన్నగా ఉంటుంది. ఒకసారి అది విడిపోతే, "మళ్లీ పోకుండా గట్టిది వెయ్యండి" అని కంసాలికి చెబుతారు. మందం రింగు పడుతుంది, టంకం నిండుగా పడుతుంది. ఇక గొలుసులో బలహీనమైన చోటంటూ మిగలదు, మెడే మిగులుతుంది. ఆ రింగు గట్టిపరచకండి. పనిలో వేసుకునే గొలుసుకు దాన్ని 0.5 మిల్లీమీటర్ల తీగతోనే చేయించండి. 8 కిలోల దగ్గర అది తెగిపోతుంది. గొలుసు పోయినా చేలోనో ట్రాలీలోనో వెతుక్కోవచ్చు. ఇది యంత్రం దగ్గరికి గొలుసుతో వెళ్లడానికి అనుమతి కాదు. 8 కిలోల లాగుడు కూడా మెడ కోస్తుంది.

రోజూ వేసుకోవడానికి 8 నుంచి 10 గ్రాములు, 18 లేదా 20 అంగుళాలు చాలు. 24 అంగుళాలది వంగినప్పుడు ఇంకా కిందికి వేలాడుతుంది. లావుగా కనిపించాలని డొల్ల గొలుసు కొనకండి. ఒకచోట నొక్కుకుపోతే మళ్లీ సరికాదు, టంకం పెడితే పలుచటి గోడ కరిగిపోతుంది.

కడియానికి యంత్రం కన్నా బ్యాటరీ ఎక్కువ ముప్పు. 12 వోల్టులే కదా, షాక్ కొట్టదు, నిజమే. కానీ పాజిటివ్ టెర్మినల్‌కు, ఇనుప బాడీకి మధ్య కడియం తగిలితే వందల ఆంపియర్లు దానిగుండా పోతాయి. బంగారం విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. క్షణాల్లో చెయ్యి కాలేంతగా కడియం వేడెక్కుతుంది, మణికట్టు చుట్టూ అంతా ఒకేసారి. చేతికి బిగుతుగా ఉంటే ఊడదీయడం కుదరదు. అందుకే సైజు చూసుకోండి. 2.8 అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాల ఎనిమిది పదహారో వంతు, దాదాపు 63 మిల్లీమీటర్లు. సబ్బు లేకుండా చెయ్యి దాటి రావాలి. వేసవిలో చెయ్యి వాస్తుంది, ఆ సమయంలోనే కొలవండి. కట్ ఉన్న కడియం తియ్యడం తేలికే, అయితే దాని కొసలు బెల్టుకూ, చొక్కా కఫ్‌కూ పట్టుకుంటాయి.

పనిలోకి దిగేముందు:
గొలుసు, కడియం, ఉంగరం మూడూ తియ్యండి. ట్రాక్టర్ తాళాల సంచిలో కాదు, ఇంట్లో పెట్టండి.
చొక్కాలో దోపుకోవడం, కాలర్ గుండీ పెట్టుకోవడం తియ్యడంతో సమానం కాదు. వంగగానే బయటికొస్తుంది.
బేలర్‌లో గడ్డి ఇరుక్కుంటే ముందు పీటీఓ ఆపండి, ఇంజన్ ఆపండి, తాళం తియ్యండి. తర్వాతే చెయ్యి.
షాఫ్టు మీది ప్లాస్టిక్ గార్డు పీకేయకండి.
బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. కడియం ఉన్న చేత్తో పానా పట్టకండి.
కూలికి వచ్చినవాళ్ల మెడల్లోనూ చూడండి. తియ్యనంటే షాఫ్టు దగ్గరికి పంపకండి.
సన్న రింగు తెగిందని మందం రింగు వేయించకండి. తెగితే, అది చెయ్యాల్సిన పని చేసిందన్నమాట. మళ్లీ అంతే సన్నది వేయించండి.