పెట్టె మీద రెండు అంకెలు: మొదటి స్మార్ట్‌ఫోన్ కొనేటప్పుడు ర్యామ్, స్టోరేజ్ ఎలా చూసుకోవాలి?

మా మేనమామకి ఇందుకూరుపేట దగ్గర రెండు రొయ్యల గుంటలు ఉన్నాయి. మొన్నటిదాకా ఆయన చేతిలో బటన్ ఫోనే. రొయ్యల మేత చూసుకునే చెక్ ట్రే ఫోటో పెట్టండి, నీళ్ల రంగు వీడియో తీసి పంపండి అని టెక్నీషియన్ రోజూ అడుగుతుండేసరికి ఇక తప్పదని నెల్లూరు ట్రంకు రోడ్డుకి ఫోన్ కొనడానికి బయల్దేరాడు. నన్ను తోడు రమ్మన్నాడు. షాపులో కుర్రాడు రెండు పెట్టెలు ముందు పెట్టాడు. ఒకదాని మీద 4GB + 64GB అని, రెండోదాని మీద 6GB + 128GB అని ఉంది. మామ రెండూ తిప్పి చూసి, "ఏంది అబ్బయా, రెండూ జీబీలే అంటున్నాడు, కలిపి చెప్తే పోలా?" అన్నాడు.

కలపకూడదు. కొలత పేరు ఒకటే అయినా ఆ రెండూ చేసే పనులు వేరు. మొదటిది, చిన్న అంకె, ర్యామ్. రెండోది, పెద్ద అంకె, స్టోరేజ్. కొన్ని పెట్టెల మీద స్టోరేజ్‌ని ROM అని కూడా వేస్తారు, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

మామకి వంటింటి లెక్కలో చెప్పాను. సామాన్ల గదిలో బియ్యం మూట, పప్పు డబ్బాలు, చింతపండు జాడీ అన్నీ ఉంటాయి. వండేటప్పుడు మాత్రం వాటిలోంచి కావలసినంత తీసి పొయ్యి గట్టు మీద పెట్టుకుంటాం. ఆ గది స్టోరేజ్, గట్టు ర్యామ్. మీ ఫోటోలు, వీడియోలు, వాట్సాప్, ఫోన్‌పే లాంటి యాప్‌లు, ఫోన్‌ని నడిపే ఆండ్రాయిడ్ అన్నీ గదిలో ఉంటాయి, ఫోన్ ఆపేసినా చెక్కుచెదరవు. వాటిలో దేన్నైనా తెరిస్తే దానికి కావలసిన భాగం గట్టు మీదకి వస్తుంది. ఫోన్ ఆపితే గట్టు మొత్తం తుడిచేసినట్టే, అక్కడ ఏదీ మిగలదు. చేపల పులుసు, అన్నం ఒకేసారి పెట్టాలంటే గట్టు వెడల్పుండాలి. ఏడాదికి సరిపడా బియ్యం నిల్వ పెట్టుకోవాలంటే గది పెద్దదిగా ఉండాలి. గది ఎంత పెద్దదైనా గట్టు వెడల్పు కాదు.

ముందు స్టోరేజ్ లెక్క వేసుకోండి

షాపుకి వెళ్లకముందే ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఇది. మామ లెక్క పూర్తిగా చెప్తాను, మీ అంకెలు వేసుకుంటే మీదీ తేలిపోతుంది.

64 జీబీ ఫోన్ అంటే 64 జీబీ మీకు ఖాళీగా ఇస్తారని కాదు. పెట్టె విప్పిన రోజే ఆండ్రాయిడ్, కంపెనీ వేసిన యాప్‌లు కలిసి 15 నుంచి 20 జీబీ దాకా ఆక్రమించి ఉంటాయి. 18 అనుకుందాం. మామ వాడే వాట్సాప్, యూట్యూబ్, ఫోన్‌పే, బ్యాంకు యాప్, వాటి లోపల పేరుకునే సమాచారం కలిపి ఇంకో 8 వేశాను. ఇక మిగిలింది 38 జీబీ.

ఆయన రోజుకి పది ఫోటోలు తీస్తాడు. ఒక్కోటి 4 ఎంబీ చొప్పున 40 ఎంబీ. నీళ్ల వీడియో రెండు గుంటలకీ నిమిషం నిమిషం. ఫుల్ హెచ్‌డీలో నిమిషం వీడియో సుమారు 130 ఎంబీ అవుతుంది కాబట్టి 260. ఊరి గ్రూపులు, చుట్టాల గ్రూపుల్లోంచి వచ్చి పడే శుభోదయాలు, వీడియోలు తక్కువలో తక్కువ 100. మొత్తం రోజుకి 400 ఎంబీ. వెయ్యి ఎంబీలు ఒక జీబీ.

రొయ్యల పంట సుమారు 120 రోజులు. 120 రోజులకి 48 జీబీ కావాలి. 64 జీబీ ఫోన్‌లో మనకి మిగిలింది 38. అంటే 95 రోజులకల్లా నిండిపోతుంది. సరిగ్గా రొయ్యలు పట్టే పట్టుబడి రోజులు దగ్గరపడి, రోజూ గుంట చూసుకుంటూ టెన్షన్ పడే సమయంలో కెమెరా తెరిస్తే స్టోరేజ్ లేదని చెప్తుంది. అదే 128 జీబీ ఫోన్‌లో పంట మొత్తం వీడియోలు పట్టాక కూడా 54 జీబీ మిగులుతుంది. అందుకే 128 జీబీ పెట్టె మాకు తీసిపెట్టమన్నాను.

మీరు వీడియోలు తీయరు, ఫోన్ మాట్లాడటానికీ డబ్బులు పంపడానికీ అంటే 64 సరిపోతుంది. మనవళ్ల ఫోటోలు, వీడియోలు దాచుకునే అలవాటుంటే సరిపోదు. ఇంటర్నెట్‌లో చూసే యూట్యూబ్ వీడియోలు మాత్రం ఈ లెక్కలోకి రావు, డౌన్‌లోడ్ చేసుకుంటే తప్ప.

మెమరీ కార్డు వేసుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. కొంతవరకే చాలుతుంది. కెమెరా తీసే ఫోటోలని కార్డులోకి వెళ్లేలా పెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో వచ్చేవి మాత్రం ఫోన్‌లోనే చేరతాయి, యాప్‌లు కూడా చాలావరకు ఫోన్‌లోనే ఉంటాయి. పైగా చాలా ఫోన్లలో కార్డుకి చోటే లేదు. కొన్నింటిలో రెండో సిమ్ పెట్టే చోటే కార్డుది, రెండు సిమ్‌లు వాడేవాళ్లు ఒకటి వదులుకోవాలి. కార్డు ఉంటుంది కదా అని 64కి దిగొద్దని నా మాట.

ర్యామ్ ఎంత కావాలో ఎలా తెలుస్తుంది?

ఇది కాగితం మీద లెక్కకి అందదు, చేతిలో పట్టుకుని చూడాలి. 4 జీబీ ర్యామ్‌లో దాదాపు సగం ఆండ్రాయిడే వాడుకుంటుంది. మిగిలిన దాంట్లో మీరు తెరిచిన యాప్‌లు సర్దుకోవాలి. చోటు చాలనప్పుడు ఫోన్ మిమ్మల్ని అడగదు, వెనకాల ఉన్న యాప్‌ని తీసేసి ముందున్నదానికి చోటిస్తుంది.

ఇది ఎక్కడ తగులుతుందో దగ్గరగా చూపిస్తాను. బ్యాంకు యాప్‌లో వివరాలన్నీ నింపారు, ఓటీపీ వచ్చింది. అది చూడటానికి మెసేజ్‌లలోకి వెళ్లారు. ఆరు అంకెలు గుర్తు పెట్టుకుని వెనక్కి వచ్చేసరికి యాప్ మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటోంది, నింపినవన్నీ పోయాయి. అది ర్యామ్ ఇరుకు. పాట వింటూ కెమెరా తెరిస్తే పాట ఆగిపోవడం, టైప్ చేస్తుంటే కీబోర్డు ఆలస్యంగా రావడం కూడా అదే జబ్బు. ఒక్క మెలిక ఉంది: బ్యాటరీ సేవర్ వేసి ఉంచినా, బ్యాంకు యాప్ భద్రత కోసం తనంతట తాను మూసుకున్నా ఇలాగే కనిపిస్తుంది. ఒక్క యాప్‌లోనే జరిగితే అది ఆ యాప్ పద్ధతి. బ్యాటరీ సేవర్ ఆపేసినా అన్నింట్లో జరిగితే ర్యామ్.

షాపులో చూడటానికి పెట్టిన ఫోన్ ఉంటే అయిదు నిమిషాల్లో పరీక్షించొచ్చు. యూట్యూబ్‌లో ఒక వీడియో సగం దాకా చూడండి. మూసేయకుండా కెమెరాలోకి వెళ్లి రెండు ఫోటోలు తీయండి. తర్వాత మ్యాప్స్ తెరిచి మీ ఊరు వెతకండి. క్రోమ్‌లో ఏదైనా వార్త తెరవండి. ఇప్పుడు వెనకటి యాప్‌లు చూపించే బటన్ నొక్కి యూట్యూబ్‌కి తిరిగి రండి. ఆపిన చోటే వీడియో ఉంటే గట్టు మీద చోటుంది. మళ్లీ మొదటి పేజీ నుంచి తెరుచుకుంటే చోటు లేదు.

మామలా వాట్సాప్, కెమెరా, డబ్బుల యాప్‌లు వాడేవాళ్లకి 4 జీబీతో నడుస్తుంది, 6 అయితే ఇబ్బంది ఉండదు. పిల్లలు పెద్ద ఆటలు ఆడతారంటే 8 చూడండి. 3, 2 జీబీ ఉన్నవి ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు. యాప్‌లు ఏటికేడు బరువెక్కుతాయి, ర్యామ్‌ని కొన్న తర్వాత పెంచుకునే దారే లేదు.

"ఎనిమిది జీబీ ర్యామ్" అంటే నమ్మే ముందు

షాపులో కుర్రాడు 4 జీబీ ఫోన్‌ని మాకు "ఎనిమిది ర్యామ్ సార్" అని చూపించాడు. పెట్టె మీద కూడా పెద్ద అక్షరాల్లో 8GB అని, పక్కన నక్షత్రం గుర్తు, అడుగున చిన్న అక్షరాల్లో వివరం. అసలు ర్యామ్ 4, మిగతా 4 స్టోరేజ్ లోంచి అప్పు తీసుకున్నది. దీన్ని వర్చువల్ ర్యామ్ అనో ఎక్స్‌టెండెడ్ ర్యామ్ అనో ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది. గట్టు చాలక సామాన్ల గదిలో ఒక బల్ల వేసుకోవడం లాంటిది. బల్ల మీద గిన్నెలు పెట్టొచ్చు గానీ వండలేం, అవసరమైన ప్రతిసారీ గట్టు మీదకి మోసుకు రావాలి. స్టోరేజ్ వేగం ర్యామ్ వేగానికి చాలా దూరంలో ఉంటుంది. దీనివల్ల ఎప్పుడో తెరిచిన యాప్ ఇంకాసేపు నిలబడుతుందేమో గానీ ఫోన్ ఎనిమిది జీబీ ఫోన్‌లా పరిగెత్తదు. అప్పు తీసుకున్న 4 జీబీ మీ స్టోరేజ్‌లో తగ్గుతుంది కూడా.

డబ్బు కట్టక ముందు ఫోన్ ఆన్ చేయించి Settings లో About phone తెరవండి. అక్కడ RAM ఎదురుగా 4.00 GB + 4.00 GB అని ఉంటే మొదటి అంకే అసలుది. అదే Settings లో Storage తెరిస్తే మొత్తం ఎంత, ఇప్పటికే ఎంత నిండిందో కనిపిస్తుంది. పెట్టె మీద ధర ముద్రించిన స్టిక్కర్‌తో, బిల్లుతో ఈ రెండు అంకెలూ సరిపోల్చుకోండి.

కొన్నాక ఏది నిండిందో తెలుసుకోవడం

ఫోన్ నెమ్మదించింది అనగానే ఫోటోలు చెరిపేస్తారు కొందరు, వెనకాల తెరిచి ఉన్న యాప్‌లన్నీ పక్కకి తోసేస్తారు ఇంకొందరు. ఫోటోలు తీసేస్తే ర్యామ్ పెరగదు. యాప్‌లు తోసేస్తే స్టోరేజ్ ఖాళీ కాదు. అయితే స్టోరేజ్ పూర్తిగా నిండిపోతే దానివల్ల కూడా ఫోన్ నెమ్మదిస్తుంది, అందుకే ముందు Storage చూడండి. పదో వంతు కన్నా తక్కువ ఖాళీ ఉంటే మందు అక్కడే వేయాలి.

మామ ఫోన్‌లో మొదటిరోజే చేసిన పని ఒకటుంది. వాట్సాప్‌లో Settings, అందులో Storage and data, అక్కడ Media auto-download కింద మొబైల్ డేటాకీ వైఫైకీ అన్ని టిక్కులూ తీసేశాను. ఇప్పుడు గ్రూపుల్లో వచ్చేవి ఆయన వేలు పెడితేనే దిగుతాయి. అదే చోట Manage storage లో ఏ గ్రూపు ఎంత చోటు తింటోందో కనిపిస్తుంది.

పట్టుబడి అయిన వారం ఆయన ఫోన్ చేసి, వీడియోలన్నీ చెరిపేసినా స్టోరేజ్ అలాగే ఉందబ్బా అన్నాడు. గ్యాలరీలో చెరిపినవి వెంటనే పోవు, Trash అనే చోట సాధారణంగా 30 రోజులు ఉంటాయి. కావాల్సిన వీడియోలు అప్పటికే మా అబ్బాయి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు కాబట్టి Trash ఖాళీ చేయమన్నాను. చేసి, Storage తెరిచి అంకె చదివి వినిపించాడు. ముప్ఫై జీబీ పైనే వెనక్కి వచ్చింది, తర్వాతి పంటకి సీడ్ వదిలే లోపే.