ప్రమోషన్ ఇంటర్వ్యూలో స్వపరిచయం: ఫైల్లో లేనిదే చెప్పాలి

దరఖాస్తు ఇచ్చి, ఫైలు ప్యానెల్ ముందుకు వెళ్లాక ఇంటర్వ్యూలో ముందుగా వినిపించే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "మీ గురించి చెప్పండి." అడిగేది రోజూ మీతో పనిచేయించే అధికారే అయితే టెన్షన్ ఇంకాస్త ఎక్కువ. అన్నీ తెలిసిన మనిషికి కొత్తగా ఏం చెప్తాం?

కొందరు చేరిన తేదీ దగ్గర్నుంచి అప్పజెప్తారు. సభ్యులు కాగితం మీద వేలు పెట్టి మీ మాటల వెంటే వస్తున్నారంటే మీరు చేస్తున్నది అదే. కొందరు "మీకు తెలిసిందే కదా సార్" అని ముగించేస్తారు. నా దృష్టిలో ఇదే పెద్ద నష్టం. మార్కుల షీటు ఉన్నచోట సాధారణంగా గదిలో విన్నదానికే మార్కు పడుతుంది. పైగా వేరే విభాగం నుంచి వచ్చిన సభ్యుడికి మీరెవరో తెలియకపోవచ్చు.

అందుకని ముందు మీరిచ్చిన దరఖాస్తు కాపీ తీయండి. చెప్పాలనుకున్నది రాసుకుని, అందులో కాపీలోనూ ఉన్న ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి. మొదటిసారి బహుశా ఏమీ మిగలదు. ఫైల్లో ఫలితం ఉంటుంది కానీ, ఆ పని ఎందుకలా చేశారో, ఎక్కడ తడబడ్డారో ఉండదు. ఆ ఖాళీని అదే నింపాలి.

స్టోర్స్‌లో పనిచేస్తూ సూపర్‌వైజర్ పోస్టుకు వెళ్తున్న ఒకరిని ఊహించుకుందాం. ఫైల్లో "స్టాక్ తేడాలు తగ్గించారు" అని ఒక్క ముక్క ఉంది. ఆయన ఇలా చెప్పవచ్చు:

"ఇప్పుడు స్టోర్స్‌లో పగటి షిఫ్ట్ చూస్తున్నాను. స్టాక్ తేడాలు ఎక్కువగా షిఫ్ట్ మారేటప్పుడే వస్తున్నాయని గమనించాను. రాత్రి ఇచ్చిన సరుకు స్లిప్పులు మర్నాడు రిజిస్టర్‌కి ఎక్కేవి. స్లిప్పులన్నీ ఎక్కించాకే షిఫ్ట్ అప్పగించాలని పద్ధతి పెట్టాను. తేడాలు తగ్గాయి కానీ, రాత్రి వాళ్లను అడగకుండా పెట్టడం నా పొరపాటు. వాళ్లు ఇంటికి వెళ్లడం ఆలస్యమైంది. తర్వాత వాళ్లతో కూర్చుని, చివరి అరగంటలో అత్యవసరమైతే తప్ప సరుకు ఇవ్వకూడదని మార్చాం. సూపర్‌వైజర్‌నైతే రెండు షిఫ్టులూ నా కిందే ఉంటాయి కాబట్టి, ముందు అడిగి తర్వాత మార్చే పద్ధతితో మొదలుపెడతాను."

మొదటి వాక్యం బయటి సభ్యుడి కోసం. చివరిది పోస్టు కోసం. తొందరపడకుండా చదివినా సుమారు నిమిషమే పడుతుంది. రెండు నిమిషాలు మించకుండా ఉంటే చాలు, రెండో ఉదాహరణ ఇరికించే పని లేదు. అది అడిగితే చెప్పుకోవచ్చు.

పొరపాటు సంగతి దాచాలనిపిస్తుంది. కానీ పై అధికారికి అది ముందే తెలిసి ఉంటే, మీరు దాటేసినచోటే ఆయన ప్రశ్న వేస్తారు. అయితే చెప్పేది మీ పొరపాటే అవ్వాలి. రాత్రి షిఫ్ట్‌లో ఎవరున్నారో ఆ గదిలో చాలామందికి తెలుసు. పేరు చెప్పకపోయినా "వాళ్లు నిర్లక్ష్యంగా ఉండేవారు" అన్న మాట నేరుగా ఆ మనిషికే తగులుతుంది, రేపు ఆయన మీ కిందే పనిచేయాల్సి రావచ్చు.