పోల్చి చదివే మతాలు, 7వ పాఠం: నిప్పుకు అంటే మైల

పోయిన పాఠం చివర, పార్సీల జొరాస్ట్రియన్ మతంలోని ప్రార్థనల గ్రంథం యస్న 30వ అధ్యాయం మీద ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులన్నీ చదివాను. ఎక్కువమంది ఒకే దారి పట్టారు: "జొరాస్ట్రియన్లకు ఇద్దరు దేవుళ్లు. ఒకడు మంచివాడు, ఒకడు చెడ్డవాడు, బలంలో ఇద్దరూ సమానం." ఈ వాక్యాన్ని అలాగే పెట్టుకుని ముందుకు పోతే ఇవాళ్టి నిప్పు సంగతి తలకిందులవుతుంది కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

ఈ మత ప్రవక్త జరతుష్ట్రుడివిగా చెప్పే గాథల్లో, అంటే యస్నలోని పాత పాటల్లో, ఎదురెదురుగా నిలిచేవి రెండు మైన్యులు, అంటే ఆత్మలు, కవలలు. తలపులో, మాటలో, చేతలో ఒకటి మేలైనది, రెండోది చెడ్డది. ఒకటి అషను, అంటే సత్యాన్నీ సృష్టి క్రమాన్నీ ఎంచుకుంది. రెండోది చెడు చేతలను ఎంచుకుంది. దేవుడైన అహుర మజ్దా ఈ జంటలో ఒకడు కాడు, వాటికి పైనున్నవాడు. చాలా శతాబ్దాల తర్వాత పహ్లవీ భాషలో వచ్చిన సృష్టి కథల గ్రంథం బుందహిష్న్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారింది. అక్కడ ఓర్మజ్ద్, అంటే అహుర మజ్దాయే, స్వయంగా బరిలో ఉంటాడు, ఎదురుగా చెడు మైన్యు అహ్రిమన్. అక్కడ కూడా "సమానం" అనలేం. ఓర్మజ్ద్ జరగబోయేది ముందే ఎరిగినవాడు, అహ్రిమన్‌కు జరిగాకే తెలుస్తుంది. పోరు ఎవరు గెలుస్తారో మొదటే తేలిపోయింది.

నేనైతే నోట్సు అంచున ప్రతి వాక్యం పక్కన గా, వెం, ప అని రాసుకుంటాను: గాథలు, మైల నియమాల గ్రంథం వెందిదాద్, పహ్లవీ. ఏ అక్షరమూ పడని వాక్యాన్ని కొట్టేస్తాను. మీరూ అలా చేసి ఉంటే సగం తప్పులు అక్కడే ఆగేవి. దేవ, అసుర అన్న మాటలు ఇరాన్‌లో తారుమారైన కథ మీకు తెలిసిందే, దాన్ని మళ్లీ చెప్పను. దాని మీద నాలుగు పేజీలు రాసినవాళ్లున్నారు, దయచేసి ఈసారి వద్దు.

ఈ పాఠానికి కావలసింది ఒక్కటే. ఈ లోకం ఓర్మజ్ద్ చేసింది, కాబట్టి మంచిది. నీరు, నేల, చెట్టు, పశువు, మనిషి, నిప్పు అన్నీ ఆయన పక్షమే. చావు, కుళ్లు, అబద్ధం బయటినుంచి చొరబడ్డవి. ఒళ్లే పాపపు మూట అన్న ఆలోచన మానీ మతానిది, ఇక్కడిది కాదు.

ఇక నన్ను ఏటా విసిగించే తప్పు దగ్గరికి వస్తాను. "జొరాస్ట్రియన్లకు అగ్ని అన్నిటినీ శుద్ధి చేస్తుంది." ఈ వాక్యం ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. మన ఇళ్లలో అగ్ని పావకుడు. సీత అగ్నిప్రవేశం కథ వింటూ పెరిగాం. శవాన్ని చితికి ఇస్తాం, అది కూడా ఒక ఆహుతే. ఆ కళ్లతోనే వాళ్ల గుళ్లలోని అతి పవిత్రమైన నిప్పు ఆతష్ బెహ్రామ్‌ను చూసేసరికి అదీ హోమగుండంలా కనబడుతుంది. కానీ జొరాస్ట్రియన్ ఆచారం నడిచేది ఎదురు దిక్కుగా. అక్కడ నిప్పు మైలను కాల్చే పనిముట్టు కాదు, మైల తగలకుండా మనిషి కాపాడవలసిన ప్రాణి. అందుకే పూజారి మూతికి పదాన్ అనే తెల్లగుడ్డ కట్టుకుని గాని నిప్పు ముందుకు రాడు. ఊపిరి, ఉమ్మి తగలకూడదు. నోటితో ఊది మంట రేపడం అసలే కుదరదు. వేసే కట్టె ఎండినదై ఉండాలి, వెలుతురులో చూసి వేయాలి. శవాన్ని నిప్పులో వేయడం ఈ లెక్కలో ఘోరం.

మరి నిప్పంటుకుని మనిషి చనిపోతే? వెందిదాద్ 5వ అధ్యాయంలో జరతుష్ట్రుడు సరిగ్గా ఇదే అడుగుతాడు. నీరు మనిషిని చంపుతుందా, నిప్పు చంపుతుందా అని. చంపవు అంటాడు అహుర మజ్దా. మనిషిని కట్టిపడేసేది అస్తో-విధోతు అనే మృత్యు దైత్యం. నిప్పు ఆ తర్వాత ఒంటిని కాలుస్తుంది, అంతే. సాకు చెప్పినట్టు అనిపిస్తుంది గాని, పైన చెప్పిన సూత్రం ఒప్పుకుంటే ఇంకో జవాబుకు చోటు లేదు. చావు శత్రువుది, నిప్పు మనది, కాబట్టి నిప్పు చంపదు.

అదే అధ్యాయంలో ఇంకో లెక్క ఉంది. చాలామంది ఆనుకుని కూర్చున్నచోట ఒకరు చనిపోతే మైల ఎందరికి పాకుతుంది? శవాన్ని ఆవహించే దైత్యం పేరు ద్రుజ్ నసు. పోయినవాడు పూజారి అయితే అది వరసగా పదిమందిని మైలపరుస్తుంది. యోధుడైతే తొమ్మిదిమందిని, రైతైతే ఎనిమిదిమందిని. మరి మతద్రోహి చనిపోతే? చచ్చి ఏడాది దాటి ఎండిపోయిన కప్పకు ఎంత మైల ఉంటుందో అంతే అంటుంది గ్రంథం. ఆ మతద్రోహి బతికుండగానే మైల పంచుతాడు, చచ్చాక కాదు.

మైల అంటే మురికి అనుకున్నా, పాపం అనుకున్నా ఈ లెక్క అర్థం కాదు. దుర్మార్గుడి శవమే ఎక్కువ మైల కావాలి కదా! కానీ ఇక్కడ కొలుస్తున్నది శత్రువు గెలుపును. పూజారిని పడగొట్టడానికి ఆ పక్షం పెద్ద దండునే దింపాలి, ఆ దండు శవం చుట్టూ మూగి ఉంటుంది. మతద్రోహి మొదటినుంచీ వాళ్లవాడే, అతని మీద గెలవడానికి ఏముంది?

ఇప్పుడు రెండూ కలిసే చోటు: శవాన్ని కాల్చిన నిప్పు. ఇది చిక్కుబడ్డ బందీ, విడిపించాలి. ఆతష్ బెహ్రామ్ ప్రతిష్ఠకు 16 రకాల నిప్పులు తెస్తారు. కుమ్మరి ఆవం, కంసాలి కొలిమి, పిడుగు పడ్డచోటి మంట వీటిలో ఉంటాయి. చితి నిప్పు కూడా ఉంటుంది. దాన్ని నేరుగా తీసుకోరు. చిల్లులున్న గరిటెలో గంధపు చెక్క పొడి పోసి, మంటకు తగలకుండా పైన పట్టుకుంటారు. కింది సెగకు పొడి తనంతట తాను అంటుకుంటుంది. ఈ కొత్త మంట మీద మళ్లీ గరిటె పడతారు. చితి నిప్పుకు ఇలా 91 సార్లు. గమనించండి, ఇక్కడ దేన్నీ నిప్పుతో శుద్ధి చేయడం లేదు, నిప్పునే శుద్ధి చేస్తున్నారు. పైగా చితి నిప్పును తెచ్చినవాడికి పదివేల కొరవులు తెచ్చినంత పుణ్యమని వెందిదాద్ 8వ అధ్యాయం. అంత లోతున చిక్కుకున్నదాన్ని లాక్కురావడం కదా.

నా మాటకు అడ్డొచ్చే చోటు ఒకటుంది, దాచను. లోకాంతాన కరిగిన లోహం నదిలా పారుతుందనీ, అందరూ అందులో నడవాలనీ బుందహిష్న్ చెబుతుంది. సజ్జనులకు అది గోరువెచ్చని పాలలా ఉంటుంది, పాపులు అందులో శుద్ధి అవుతారు. శుద్ధి చేసే మంట కావాలంటే దీన్ని చూపండి, పక్కన "ప" రాయడం మరవకండి. రోజూ ఐదుపూటలా కట్టె వేసే గుడి నిప్పుకు దీన్ని అంటగట్టకండి.

సికింద్రాబాద్‌లోనూ హైదరాబాద్‌లోనూ పార్సీల అగ్ని ఆలయాలున్నాయి, కానీ ఇతర మతస్థులకు లోపలికి ప్రవేశం లేదు. గేటు దగ్గర బతిమాలి ఎవరినీ ఇబ్బంది పెట్టకండి. పార్సీలందరూ ఇవాళ వెందిదాద్ ప్రకారమే నడుస్తారని కూడా రాయకండి. శవాన్ని రాబందులకు వదిలే ఆచారం వాళ్లది; ఆ రాబందులు కరువయ్యాక ముంబైలో దహనాన్ని ఎంచుకున్న పార్సీ కుటుంబాలున్నాయి, 2015లో వర్లీలో అందుకు ప్రార్థన మందిరం కూడా తెరిచారు.

అభ్యాసం. వెందిదాద్ 5, 8 అధ్యాయాలు పూర్తిగా చదవండి, ఏ అనువాదమైనా సరే. 5వ అధ్యాయంలో ఒక నియమం ఉంది: ఇంట్లో మనిషి పోతే నిప్పును బయటికి తీసుకుపోవాలి. మళ్లీ లోపలికి తేవడానికి చలికాలంలో తొమ్మిది రాత్రులు ఆగాలి, ఎండాకాలంలో నెల ఆగాలి. ఎండాకాలానికి ఎందుకు ఎక్కువ? రెండు జవాబులు రాయండి. మొదటిదానిలో కుళ్లు గురించి మాత్రమే మాట్లాడాలి, ద్రుజ్ పేరు ఎత్తకూడదు. రెండోదానిలో శత్రువు గురించి మాత్రమే, కుళ్లు మాట రాకూడదు. ఏ జవాబు దగ్గర గ్రంథం మీకు ఆధారం ఇవ్వకుండా ఆగిపోయిందో వాక్యం సంఖ్యతో చూపండి.